పాతికేళ్ల వారంటీ... ఎవరిది? దేనికి? ఎన్నాళ్లు?

డాబా మీద సోలార్ బిగించి వెళ్లినవాళ్లు ఇంటి యజమాని చేతిలో ఒక కాగితాల కట్ట పెడతారు. దాన్ని మూడు గడుల్లోకి, ఒక్క పేజీలోకి కుదించుకుంటే తప్ప ఆ పాతికేళ్ల మాటలో నిజమెంతో తేలదు.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక చిన్న పట్టణాల్లోనూ డాబాల మీద సోలార్ ప్యానెళ్లు కనిపిస్తున్నాయి. అనకాపల్లి జిల్లా ఎలమంచిలి కూడా అలాంటి పట్టణమే. 3 కిలోవాట్ల సిస్టమ్‌కు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది. నెట్ మీటర్ బిగించే పని ఈ ప్రాంతంలో ఏపీ ఈపీడీసీఎల్‌ది. అమ్మకానికి వచ్చినవాళ్లు చెప్పే మాట ఎక్కడైనా ఒకటే: ‘పాతికేళ్ల వారంటీ అండీ, ఐదేళ్లు మెయింటెనెన్స్ ఫ్రీ.’ ఇందులో అబద్ధం లేదు. కానీ పాతికేళ్ల హామీ ఇచ్చేది ఒకరు, ఐదేళ్లు చూసుకునేది ఇంకొకరు. హామీ ఒక వస్తువుకు, చూసుకోవడం మొత్తం సిస్టమ్‌కు. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో వినడం వల్ల ఇంటి యజమాని మనసులో మూడోది ఒకటి తయారవుతుంది: పాతికేళ్ల పాటు ఏది చెడినా ఎవరో ఒకరు వచ్చి ఉచితంగా బాగుచేస్తారని. ఏ కాగితంలోనూ లేనిది సరిగ్గా ఆ హామీయే.

అందుకే ఒప్పందాన్ని సంక్షిప్తం చేసుకోవాలి. సంక్షిప్తం అంటే పెద్ద కాగితాన్ని చిన్నది చేయడం కాదు. మూడు ప్రశ్నలకు జవాబులు వెతకడం. ఏ భాగాలకు హామీ ఉంది, ఎవరు ఇచ్చారు, ఏ తేదీ దాకా? ఏవి హామీలో లేవు? తనిఖీకి ఎన్నిసార్లు రావాలి? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు, జాగ్రత్తపరులు రెండోదాకా వెళతారు. అసలు కీలకం మూడోదాంట్లో ఉంది. తనిఖీ జరిగిందో లేదో తేలితే గానీ, చెడిపోయిన భాగం మొదటి గడిలోకి వస్తుందో రెండో గడిలోకి జారుతుందో తేలదు. ఆ మూడో గడే మన ఒప్పందాల్లో చాలాసార్లు ఖాళీగా ఉంటుంది.

ఒక్క వారంటీ కాదు, నాలుగు

మొదటి గడి నింపడానికి కూర్చుంటే ముందుగా తెలిసేది వారంటీ ఒక్కటి కాదని. కట్టలో కనీసం నాలుగు హామీలు ఉంటాయి. సిస్టమ్ బిగించిన వెండర్ మొత్తం సిస్టమ్‌కు ఐదేళ్ల హామీ ఇస్తాడు. ప్యానెళ్లు, ఇన్వర్టరే కాదు, స్టాండు, వైరింగ్, డిస్ట్రిబ్యూషన్ బాక్సులు, ఎర్తింగ్, పనితనం అన్నీ ఇందులోకి వస్తాయి. ఈ ఐదేళ్లు సిస్టమ్ ప్రారంభమైన తేదీ నుంచి లెక్క. రెండోది ప్యానెల్ కంపెనీ ఇచ్చే వస్తు హామీ. అద్దం కింద పొరలు విడిపోవడం, వెనక జంక్షన్ బాక్స్ ఊడిపోవడం వంటి తయారీ లోపాలకు ఇది వర్తిస్తుంది. సాధారణంగా పది, పన్నెండేళ్లు ఉంటుంది. మూడోది అదే కంపెనీ ఇచ్చే ఉత్పత్తి హామీ. పాతికేళ్ల మాట ఇక్కడిదే. పదో ఏడు ముగిసేసరికి ప్యానెల్ సామర్థ్యం మొదటి దానిలో 90 శాతానికి, పాతికో ఏడు ముగిసేసరికి 80 శాతానికి తగ్గకూడదన్నది దాని సారాంశం. నాలుగోది ఇన్వర్టర్ కంపెనీ హామీ. ఇది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. చాలాచోట్ల సీరియల్ నంబరును కంపెనీ దగ్గర నమోదు చేయిస్తేనే పూర్తి గడువు దొరుకుతుంది.

వీటిలో ఎక్కువ ప్రచారం పొందిన పాతికేళ్ల హామీయే వాడుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనది. ప్యానెల్ మీద రాసి ఉండే 540 వాట్లు వంటి అంకె ప్రయోగశాలలో కొలిచినది. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, ప్యానెల్ లోపలి సెల్ వేడి 25 డిగ్రీలు, ఆ పరిస్థితిలో వచ్చిన అంకె అది. మే నెల ఎండలో డాబా మీద ఉన్న సెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది, ఉత్పత్తి సహజంగానే పడిపోతుంది. అది లోపం కాదు. కాబట్టి సామర్థ్యం 80 శాతం కంటే తగ్గిందని నిరూపించాలంటే ప్యానెల్‌ను దించి, పరీక్షకు పంపి, ప్రామాణిక పరిస్థితిలో కొలిపించాలి. ఆ ఖర్చు ముందు ఎవరు పెట్టుకోవాలో కంపెనీ హామీ పత్రంలోనే ఉంటుంది, సాధారణంగా అడిగినవాళ్లే పెట్టుకోవాలి. పాతికేళ్లు అనే అంకె పక్కన ఈ షరతు కూడా రాయని సంక్షిప్తం యజమానిని మోసం చేసినట్టే.

ఇంటి యజమాని నిజంగా వాడుకోగల కొలత మరొకటి ఉంది. పథకం నమూనా ఒప్పందం ప్రకారం సిస్టమ్ పనితీరు నిష్పత్తి కనీసం 75 శాతం ఉండాలి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు ఉన్నాయనుకుందాం, మొత్తం 3.24 కిలోవాట్లు. రోజుకు ఐదు గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుతురు పడిందనుకుంటే 3.24ను 5తో, ఆ వచ్చినదాన్ని 0.75తో గుణించాలి. జవాబు సుమారు 12 యూనిట్లు. మబ్బు లేని వారంలో, ప్యానెళ్లు శుభ్రంగా ఉండగా, రోజూ ఎనిమిది యూనిట్లే వస్తుంటే ఎక్కడో తేడా ఉందన్నమాట. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, ఇన్వర్టర్ తెర మీది అంకె చాలు. అందుకే మొదటి గడిలో పాతికేళ్ల కన్నా ముందు రాసుకోవాల్సింది ఈ పన్నెండు యూనిట్ల లెక్క.

వర్తించనివి ఎక్కడ దాక్కుంటాయి

వర్తించని వాటి జాబితా ఒప్పందంలో ఆ పేరుతో ఉన్న పేరాలోనే ఉంటుందనుకోవడం పొరపాటు. కొంత హామీ వాక్యంలోనే ఇమిడి ఉంటుంది. ‘తయారీ, డిజైన్, బిగింపు లోపాలకు హామీ’ అంటే ఆ మూడూ కానిది దేనికీ హామీ లేదని అర్థం. కోతి వైరు లాగేస్తే, పక్కింట్లో కొత్త అంతస్తు లేచి నీడ పడితే, పిడుగు పడితే అవి లోపాలు కావు. మరికొంత ఇన్‌స్టలేషన్ మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ ప్రకారం బిగించకపోతే వారంటీ చెల్లదని హామీ పత్రం ఒక్క వాక్యంలో చెబుతుంది. ఆ మాన్యువల్ యజమాని చేతికి రాదు. రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లను కలిపి నొక్కడం, స్టాండుకు చూపిన చోట కాకుండా వేరేచోట బిగింపులు వేయడం అలాంటి తప్పులే. అవి చేసేది బిగించినవాళ్లు, హామీ పోయేది యజమానికి. వెండర్ ఐదేళ్ల హామీ ఉన్నంతకాలం ఇది బిగింపు లోపం కింద వెండర్ మీదికే వెళుతుంది. ఆ తర్వాత ఎవరి మీదికీ వెళ్లదు.

ఈ తీరంలో ఉన్నవాళ్లు రెండు విషయాలు ప్రత్యేకంగా వెతకాలి. ఒకటి ఉప్పుగాలి. రాంబిల్లి, పూడిమడక వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. కొన్ని కంపెనీల హామీ పత్రాల్లో తీరం నుంచి ఇంత దూరంలోపు బిగిస్తే ముందుగా అనుమతి తీసుకోవాలనే షరతు ఉంటుంది. ప్యానెల్ ఉప్పు తేమను తట్టుకుంటుందని తేల్చే అంతర్జాతీయ పరీక్ష ఐఈసీ 61701. ఆ ధ్రువపత్రం కొన్న మోడల్‌కు ఉందో లేదో సంక్షిప్తంలో ఒక వరుసలో రాసుకోవాలి. ప్యానెల్ పాసైనా స్టాండు బోల్టులు పాసైనట్టు కాదు. తుప్పు మొదట కనిపించేది బోల్టుల దగ్గర, కోసిన ఇనుప చివరల దగ్గర, వెల్డింగ్ మీద.

రెండోది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. తుపాను నష్టం వారంటీలోకి రాదని అందరూ అంటారు, అదీ పూర్తిగా నిజం కాదు. గాలి భారాలపై భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఉంది. అందులో విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల గాలిని ప్రాథమిక వేగంగా తీసుకున్నారు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఈ ప్రాంతంలో స్టాండును దాన్ని దృష్టిలో పెట్టుకునే తయారు చేయాలి. ఆ వేగానికి బాగా తక్కువగా, గంటకు 90 కిలోమీటర్ల గాలికే స్టాండు లేచిపోతే అది ప్రకృతి వైపరీత్యం కాదు, డిజైన్ లోపం లేదా బిగింపు లోపం. ఆ వాదన చేయాలంటే స్టాండును ఎంత వేగానికి డిజైన్ చేశారో ఒప్పందంలోనో డ్రాయింగ్‌లోనో అంకె ఉండాలి. అంకె లేకపోతే ప్రతి ఈదురుగాలీ వైపరీత్యమే అవుతుంది. డిజైన్‌ను మించిన గాలికి జరిగిన నష్టాన్ని వారంటీలో వెతకడం వృథా, అది బీమాలో ఉండాలి. 2021 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష వంటి ఇంటి బీమాలో సోలార్ ప్యానెళ్లను ఇంటి నిర్మాణంతో పాటు చేర్చుకోవచ్చు. ఇల్లు కట్టినప్పుడు తీసుకున్న పాత పాలసీలో వాటి విలువ కలిసిందో లేదో చూసి సంక్షిప్తంలో రాసుకోవాలి.

ఖాళీగా ఉన్న మూడో గడి

ఇక విజిట్ల సంగతి. పథకం నమూనా ఒప్పందం ఐదేళ్ల నిర్వహణను వెండర్ బాధ్యతగా చెబుతుంది. అరుగుదల మరమ్మతులు కూడా అందులోనే ఉన్నాయి. సిస్టమ్ బాగోగులను ‘తగిన వ్యవధిలో’ క్రమంగా పరీక్షించాలని ఉంది. తగిన వ్యవధి అంటే నెలా, మూడు నెలలా, ఏడాదా? అంకె లేదు. ప్యానెళ్లు ఎలా కడుక్కోవాలో వెండర్ యజమానికి నేర్పాలని కూడా అందులో ఉంది. అంటే కడగడం యజమాని పని. ఐదేళ్లు మెయింటెనెన్స్ ఫ్రీ అని విన్నవాళ్లు వెండర్ మనిషి వచ్చి ప్యానెళ్లు తుడుస్తాడని ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపులో దుమ్ము, పక్షి రెట్టలు పేరుకుంటాయి. ఒక సెల్ మీద రెట్ట గట్టిపడితే ఆ సెల్ కరెంటు పుట్టించడం మాని వేడెక్కడం మొదలుపెడుతుంది, ఏళ్ల తరబడి అలాగే ఉంటే గోధుమరంగు మచ్చ పడుతుంది. అప్పుడు కంపెనీ మనిషి చూసి ‘శుభ్రం చేయకపోవడం వల్ల’ అని రాస్తే తయారీ లోపం కాస్తా యజమాని నిర్లక్ష్యంగా మారుతుంది. మూడో గడి మొదటి గడిని తినేయడమంటే ఇదే.

అంకె ఉన్న ఒప్పందాల్లోనూ మాటల తేడా చూడాలి. ‘ఏడాదికి నాలుగు విజిట్లు’ వేరు, ‘నాలుగు విజిట్ల వరకు’ వేరు. మొదటిది కనీసం, రెండోది గరిష్ఠం. ఒక్కసారీ రాకపోయినా రెండోది ఉల్లంఘన కాదు. అలాగే ముందస్తు తనిఖీ విజిట్ వేరు, ఫిర్యాదు చేస్తే వచ్చే విజిట్ వేరు. రెండింటినీ కలిపి లెక్కపెట్టవచ్చని ఒప్పందంలో ఉంటే, ఇన్వర్టర్ రెండుసార్లు ఆగిపోయిన ఏడాది తనిఖీ విజిట్లు రెండు మాయమైపోతాయి. ఐదేళ్ల తర్వాత తీసుకునే ఏఎంసీల్లో ఇది సర్వసాధారణం. అందులో విడిభాగాలు కలిసినది ఒక రకం, మనిషి రాక మాత్రమే కలిసినది ఇంకో రకం. ధర తక్కువగా ఉంటే సాధారణంగా రెండోదే.

సోలార్‌లో కదిలే భాగాలే లేవు, మాటిమాటికీ మనిషి రావడమెందుకు అనే వాదన ఒకటి ఉంది. ప్యానెళ్ల వరకు అది చాలావరకు సరైనదే. కానీ చెడిపోయేది ఎక్కువగా ప్యానెల్ కాదు, దాని చుట్టూ ఉన్నవి. రోజూ వేడెక్కి చల్లారే టెర్మినల్ స్క్రూలు వదులవుతాయి. వదులైన చోట వేడి పుట్టి ప్లాస్టిక్ నల్లబడుతుంది. పిడుగు కాలంలో సర్జ్ ప్రొటెక్టర్ ఒక దెబ్బ తిని తన పని ముగించుకుంటుంది. దాని చిన్న కిటికీలో ఆకుపచ్చ పోయి ఎరుపు కనిపిస్తుంది, కరెంటు మాత్రం మామూలుగానే వస్తుంటుంది. వచ్చే దెబ్బ నేరుగా ఇన్వర్టర్‌కే. ఎర్త్ గుంత ఎండిపోతే నిరోధం పెరుగుతుంది, అది 5 ఓంల లోపు ఉందో లేదో మీటరు పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఇవేవీ ఉత్పత్తి అంకెలో ముందుగా కనిపించవు. కాబట్టి ఈ తీరానికి ఏడాదికి కనీసం రెండు విజిట్లు ఉండాలి. వేసవికి ముందు ఫిబ్రవరి, మార్చిలో ఒకటి, తుపాన్ల కాలానికి ముందు సెప్టెంబరులో ఒకటి. విజిట్ అంటే వచ్చి చూసి వెళ్లడం కాదు. బోల్టుల బిగింపు, తుప్పు, టెర్మినళ్లు, సర్జ్ ప్రొటెక్టర్ రంగు, ఎర్త్ నిరోధం, ఆనాటి మొత్తం యూనిట్లు అన్నీ రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఒకటి మిగలాలి.

ఒక పేజీ ఎలా ఉంటుంది

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఎలమంచిలిలో ఒక డాబా మీది 3 కిలోవాట్ల సిస్టమ్ 2025 జూన్ 16న ప్రారంభమైందనుకుందాం. ప్యానెళ్లు, ఇన్వర్టర్ ఇన్వాయిస్ తేదీ అదే ఏడాది ఏప్రిల్ 10. ప్యానెల్ వస్తు హామీ పన్నెండేళ్లు, ఇన్వర్టర్ హామీ ఎనిమిదేళ్లు, కంపెనీల హామీలన్నీ ఇన్వాయిస్ తేదీ నుంచి లెక్క. దాని సంక్షిప్తం ఇలా వస్తుంది.

*హామీ ఉన్నవి:* మొత్తం సిస్టమ్, పనితనంతో సహా: వెండర్, 2030 జూన్ 15 వరకు. ఇన్వర్టర్: కంపెనీ, 2033 ఏప్రిల్ 9 వరకు, సీరియల్ నంబరు నమోదైతే. ప్యానెల్ తయారీ లోపం: కంపెనీ, 2037 ఏప్రిల్ 9 వరకు. ప్యానెల్ సామర్థ్యం: కంపెనీ, 2050 ఏప్రిల్ 9 వరకు, పరీక్ష ఖర్చు అడిగినవారిది.

*హామీ లేనివి:* కడగడం. నీడ. పిడుగు, డిజైన్‌ను మించిన గాలి (బీమా చూడాలి). వెండర్ కానివాళ్లు విప్పిన భాగాలు. 2030 జూన్ తర్వాత దించడం, ఎక్కించడం, రవాణా.

*విజిట్లు:* ఒప్పందంలో అంకె లేదు. వెండర్‌ను రాతపూర్వకంగా అడగాలి.

ఈ పేజీ ముందు పెట్టుకుంటే, కట్ట మొత్తం చదివినా తట్టని సంగతి ఒకటి కనిపిస్తుంది. 2030 జూన్ నుంచి 2037 ఏప్రిల్ దాకా దాదాపు ఏడేళ్లు ప్యానెల్‌కు హామీ ఉంటుంది, కానీ డాబా ఎక్కడానికి మనిషి ఉండడు. కంపెనీ కొత్త ప్యానెల్ ఇస్తుంది, లేదా ఆ సైజు మార్కెట్లో లేకపోతే సమానమైనదో మిగిలిన విలువో ఇస్తుంది. పాతది దించి పంపడం, కొత్తది తెచ్చి బిగించడం యజమాని ఖర్చు. స్టాండు పరిస్థితి ఇంకా బలహీనం, దానికి 2030 తర్వాత ఎవరి హామీ లేదు. కాబట్టి ఈ పేజీని బట్టి చూస్తే అన్నిటికన్నా విలువైన తేదీ 2050 కాదు, 2030 ఫిబ్రవరి. ఆ నెల విజిట్‌లో కనిపించిన ప్రతి తుప్పు మరకనూ, ప్రతి నల్లబడిన టెర్మినల్‌నూ రాయించి, గడువు ముగిసేలోపు మార్పించుకోవాలి. పాతికేళ్ల అంకెను చూస్తూ కూర్చున్నవాళ్లకు ఈ తేదీ కనపడకుండానే దాటిపోతుంది.

కాదనేవాళ్ల మాట

సొంతంగా రాసుకున్న సంక్షిప్తానికి చట్టంలో విలువేముంది అని అడగవచ్చు. లేదు. వివాదం వస్తే చెల్లేది అసలు ఒప్పందమే. అందుకే ప్రతి వరుస పక్కనా అది ఏ కాగితంలో, ఏ పేజీలో, ఏ నిబంధనలో ఉందో రాయాలి. సంక్షిప్తం సాక్ష్యం కాదు, సాక్ష్యం ఎక్కడుందో చూపించే కాగితం. అసలు మాటలకూ సంక్షిప్తానికీ తేడా వస్తే అసలుదే నెగ్గాలి, సంక్షిప్తాన్నే దిద్దుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఒప్పందంలో లేని విజిట్ల సంఖ్యను అడిగితే ఏ వెండర్ రాసిస్తాడు? సంతకం కాకముందు అడిగితే చాలామంది రాసిస్తారు, అమ్మకం పోతుందన్న భయం అప్పుడే ఉంటుంది. సంతకం అయిపోయినవాళ్లు ‘తగిన వ్యవధి అంటే మీ లెక్కలో ఎంత, ఈ ఏడాది విజిట్ తేదీలు ఏవి’ అని మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో అడగవచ్చు. జవాబు వస్తే అది రాతపూర్వక హామీ. రాకపోతే అడిగినట్టు రుజువు మిగులుతుంది. రెండింటిలో ఏదైనా, నిర్లక్ష్యం యజమానిది అనే మాటకు అడ్డుపడుతుంది. చేయకూడనిది ఒక్కటే: మాటవరసకు విన్న ‘మూడు నెలలకోసారి వస్తాం’ను ఒప్పందంలో ఉన్నట్టు మూడో గడిలో రాసుకోవడం. లేని అంకెతో నింపిన గడి ఖాళీ గడికన్నా ప్రమాదం. ఖాళీ కనీసం అడగమని గుర్తుచేస్తుంది.

అడిగినా ఫలితం లేకపోతే దారి ఉంది. ముందు వెండర్‌కు, తర్వాత పథకం పోర్టల్‌లోనూ విద్యుత్ సంస్థకూ ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 50 లక్షల రూపాయల లోపు చెల్లించిన కొనుగోళ్లపై జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, వెండర్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా వినియోగదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. గడువు మాత్రం సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ తేదీలు రాసుకోనివాళ్లకు ఆ రెండేళ్లు తెలియకుండానే గడిచిపోతాయి.

సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఈ ఆదివారం ఆ కాగితాల కట్ట బయటికి తీయండి. తెల్లకాగితం మీద రెండు నిలువు గీతలు గీసి మూడు గడులు చేయండి, నింపగలిగినవి నింపండి. ఖాళీగా మిగిలినవాటిని ప్రశ్నలుగా మార్చి వెండర్‌కు రాతలో పంపండి. ఇంకా సంతకం చేయనివాళ్లు విజిట్ల గడిలో అంకె పడేదాకా కలం తీయకండి.